పుస్తకం మూసి చెప్పిన పాఠం

ఆమె పోయిన తర్వాత సంతాప సభ పెట్టారు. నన్నూ మాట్లాడమన్నారు. ముందు మాట్లాడిన వాళ్ళంతా ఆమె త్యాగమూర్తి అన్నారు, జ్ఞానజ్యోతి అన్నారు. నేను లేచి, ఆమె ట్రైనింగులో నాతోపాటు ఒకే గదిలో ఉండేదని, తనంతగా నన్ను నవ్వించినవాళ్ళు మరొకరు లేరని చెప్పి కూర్చున్నాను. అంతకంటే ఎక్కువ చెప్పలేకపోయాను. చెప్పలేకపోయినదాన్ని ఇప్పుడు రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి రోజులవి. జిల్లాలో తెలుగు బడులు పెరుగుతున్నాయి, తెలుగులో చెప్పే పంతులమ్మలు లేరు. ఆదిలాబాద్‌లో ఆడవాళ్ళకు ఏడాది ట్రైనింగ్ పెట్టి, ఒక పెంకుటింట్లో హాస్టల్ నడిపేవారు. నేను మెట్‌పల్లి నుంచి వచ్చాను. మాది మగ్గాల ఇల్లు. నాకు పెళ్ళి కాలేదు. ఆమె బోథ్ దగ్గర పత్తి చేలున్న ఇంటి కోడలు, నాకంటే పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది, కోపం వస్తే పోరి అనేది.

ఆమెను పంపుతూ అత్తగారు ఒక్క ఏడాది గడువిచ్చింది. పాసైతే నౌకరీ, ఫెయిలైతే చేను. రెండో ఏడాది మాటే లేదు. ఈ సంగతి అక్క మొదటి రోజే పెట్టె దించుతూ చెప్పింది.

“మా అత్త మాటంటే మాటనే చెల్లె. నేను ఫెయిలైతే పంతులమ్మ పోయి పత్తేరుడు కూలి వచ్చె అని ఊరంత నవ్వుతది. అందర్కంటె ముందు నేనే నవ్వుత, గదే నా పరేషాన్.”

అర్ధ సంవత్సరపు పరీక్షలో ఆమె అన్నీ గట్టెక్కి ఒక్క విద్యా మనోవిజ్ఞానంలో తప్పింది. పిల్లలు ఎలా నేర్చుకుంటారు, ఎందుకు మరచిపోతారు, మనసు ఎక్కడ నిలుస్తుంది, ఇవన్నీ ఉండే పాఠ్యాంశం అది. ఏడాది చివర రాత పరీక్షా, బయటి నుంచి వచ్చే పరీక్షకుడి ఎదుట నోటి పరీక్షా రెండూ ఉంటాయి. రెండింటిలోనూ నెగ్గాలి.

ఆ పాఠ్యాంశానికి హాస్టల్ మొత్తానికి ఉన్నది ఒక్క పుస్తకం. కోస్తా వైపు అచ్చయినది. అందులోని తెలుగు మా ఇళ్ళలో ఎవరూ మాట్లాడని తెలుగు. వాక్యం మొదలైన చోటు మరచిపోయాక గానీ క్రియ వచ్చేది కాదు. ఆ పుస్తకం నిండా ఎర్రా నీలం గీతలు. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉండే ఆఫీసు పెన్సిలుతో పాత బ్యాచీల వాళ్ళు గీసినవి. పుస్తకాన్ని వంతులు వేసుకుని, గీత ఉన్న వాక్యాలను మా నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకోవడం హాస్టల్‌లో ఆనవాయితీ. ఆ పాఠ్యాంశం చెప్పే సార్ ప్రతి పాఠానికీ సంగ్రహం రాసి తెమ్మనేవారు. గీతలున్న వాక్యాలను వరసగా దించేస్తే అదే సంగ్రహం.

నా చేతిరాత బాగుండేది. మార్జిను గీసి, శీర్షిక కింద జంట గీత కొట్టి రాసేదాన్ని. అందరూ నా నోట్సు అడిగేవాళ్ళు. చలికాలంలో జిన్నింగ్ మిల్లుల వైపు నుంచి గాలి వీస్తే దూది పోగులు ఎగిరివచ్చి తడి సిరా మీద అంటుకునేవి. అప్పుడు ఊదుకుంటూ రాసేదాన్ని. పేజీ పూర్తయ్యాక ఎంతో చదివినట్టు ఒళ్ళు అలిసేది. అందులో ఏముందని ఎవరైనా అడిగితే మాత్రం మళ్ళీ పేజీ చూడాలి.

అక్క నా నోట్సును బట్టీ పట్టింది. పెరట్లో తిరుగుతూ, జడ అల్లుకుంటూ, అన్నం ముందు కూర్చుని కూడా పలికేది. వంటామె అది జపమనుకుని పప్పు వడ్డించకుండా నిలబడిన రోజులున్నాయి.

సార్ ఉర్దూలో చదువుకుని తెలుగులో పాఠం చెప్పే మనిషి. ఆయనకూ ఆ పుస్తకపు తెలుగు కష్టంగానే ఉండేదేమో. ఒకరోజు అక్కను లేపి, అవధానం అంటే ఏమిటో చెప్పమన్నారు. అక్క కళ్ళు మూసుకుని, “అభిరుచి గల విషయమునందు అవధానము సులభముగా నిలుచును” అని మొదలుపెట్టి ఆగకుండా అర పేజీ చెప్పింది.

“బాగ చెప్పినవ్ బిడ్డా. అంటే?”

అక్క ఒక్క క్షణం చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుని, “అభిరుచి గల విషయమునందు” అని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

“అది విన్న. అంటే ఏంది?”

“సార్, జర నడుమ ఆపకుండ్రి. ఆపితె మల్ల మొదటికి పోవాలె.”

తరగతి గొల్లుమంది. సార్ సుద్దముక్క కింద పెట్టి తానూ నవ్వారు. నవ్వు ఆగాక మెల్లగా అన్నారు: “నోటి పరీక్షల గీ ‘అంటే’ అనే ముక్కనే అడుగుతరు బిడ్డా. జర సోచాయించు.”

గదికి వచ్చాక అక్క మంచం మీద బోర్లా పడుకుని ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. నవ్వుతూనే, “గిట్లనే అయితే నేను చేన్లకే చెల్లె” అంది. ఆమె భయపడితే నవ్వేది. అది నాకు అప్పుడే తెలిసింది.

ఆ వారంలోనే పాత బ్యాచీ పంతులమ్మ ఒకామె హాస్టల్‌కు భోజనానికి వచ్చింది. మేము పాఠాలు చెప్పడం నేర్చుకునే బడిలో ఆమె పనిచేస్తోంది. అక్క ఆమె పక్కన కూర్చుని, గౌరవంగా, పుస్తకం తెచ్చి చూపించింది.

“గీ ఎర్ర గీతలు మీయేనట గదా. మీ పుణ్యాన బతుకుతున్నం.”

ఆమె పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది. “నాయే. ఇంక ఉన్నదా గీ పుస్తకం?”

“ముఖ్యమైనవన్ని ఏరి పెట్టిండ్రు. మేము గవే రాసుకుంటున్నం.”

“ముఖ్యమైనవా?” ఆమె చెయ్యి ముద్దలోనే ఆగిపోయింది. “గవి నాకు సమజ్ కాని తావులు. సార్‌ను అడుగుదామని గీసి పెట్టుకున్న.”

“మరి అడిగిండ్రా?”

“ఏడ అడిగిన? సిగ్గయ్యింది.”

“నీలం గీతలో?”

“నీలం నాది గాదు. నాకంటె ముందామెది. ఆమె చేతిల పెన్సిలుంటె ఊకోదు.”

అలా ఏళ్ళ తరబడి ఆ హాస్టల్, ఎవరికీ అర్థంకాని వాక్యాలను జాగ్రత్తగా ఏరి, అందమైన అక్షరాలతో ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ వచ్చింది. ఇది అందరికీ ఒక్కసారి తట్టినప్పుడు మేము నవ్విన నవ్వుకు వార్డెనమ్మ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఏమైందని అడిగితే ఎవరికీ చెప్పే శక్తి లేదు. అక్క నా నోటు పుస్తకం పైకెత్తి, “గిందుల ఒక్కటి గూడ సమజ్ గాదు, గ్యారంటీ” అని మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా జంట గీతల వైపు చూసుకున్నాను.

ఆ గీతలను నమ్మకూడదని తేలింది. మరి ఏం నమ్మాలో తేలలేదు. మొదట నేను మా సొంత గీతలు గీద్దామన్నాను. పాఠం చదువుతూ ముఖ్యమనిపించిన వాక్యం కింద సన్నగా గీయడం మొదలుపెట్టాను. చదువుతున్నప్పుడు ప్రతి వాక్యమూ ముఖ్యంగానే కనిపించింది. పేజీ చివరికి వచ్చేసరికి గీత లేని వాక్యం ఒకే ఒక్కటి మిగిలింది. అక్క దాన్నే చూపించి, “గిదే ముఖ్యమైనట్టున్నది, అన్నిట్ల ఇదొక్కటే కనవడ్తున్నది” అంది.

ఆదివారం టూరింగ్ టాకీసుకు పంపేవాళ్ళు. అందరినీ కాదు, వంతుల ప్రకారం. ఆ వారం అక్క వంతు. హిందీ సినిమా. తిరిగి వచ్చాక వెళ్ళనివాళ్ళందరికీ కథ చెప్పడం అక్క పని. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు. చీర కొంగు నడుముకు చుట్టి, నూకల చాట ఒడిలో పెట్టుకుని, మొదలుపెట్టింది. ఇద్దరన్నదమ్ములు, చిన్నప్పుడే విడిపోయారు, ఒకడు పోలీసు, ఒకడు దొంగ, తల్లికి చూపు లేదు. సినిమా నడిచిన సేపులో పావు వంతు కూడా పట్టలేదు, అంతా చెప్పేసింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

నేను అడిగాను: “అక్కా, సినిమా గంత నిడుపున్నది గదా. నువ్వేమేం ఇడిశిపెట్టినవ్?”

“పాటలిడిశిన. కొట్లాటలిడిశిన. గా నౌకరోని మజాకులిడిశిన.”

“ఏదిడువాల్నో నీకెవలు చెప్పిండ్రు?”

“చెప్పేదేందే? గవి తీసేస్తె గూడ కథ నిలవడ్తది. తల్లిని తీసేస్తె కథ పడిపోతది.”

“మాటలో? హిందీల ఉన్న మాటలు యాదికున్నయా?”

“ఒక్కటి గూడ లే.”

“మరి కథ ఎట్ల యాదికున్నది?”

అక్క చాటను ఒడిలోంచి దించింది. నా వైపు చూసింది. తర్వాత, “పుస్తకం తే” అంది.

మా పద్ధతి అలా మొదలైంది. పాఠంలో ఒక ముక్క చదవాలి. పుస్తకం మూయాలి. సినిమా చూడనిదానికి కథ చెప్పినట్టు రెండోదానికి చెప్పాలి. విన్నామె పుస్తకం తెరిచి, ఏది పోయింది, ఏది తప్పింది, ఏది కొత్తగా కలిసింది చూడాలి. మూయడం కష్టం. అక్క మూసినట్టే మూసి బొటనవేలు పేజీలో పెట్టి ఉంచేది. నేను వేలు లాగేసేదాన్ని. “వేలుంటె మనసు వేలు మీదనే ఉంటది అక్కా.” “పురే, పురే,” అనేది. చాలు అని మరాఠీలో. మూశాక మాత్రం నోరు తెరిచి ఏమీ రాక నిలబడేది. చదివినప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, మూశాకే తెలియనిదెంతో తెలుస్తుంది. ఇది మా ఇద్దరికీ కొత్త.

నా వంతు వచ్చినప్పుడు నేను తెలివిగా చేశాననుకున్నాను. ‘అభిరుచి’కి ‘ఆసక్తి’, ‘సులభముగా’కు ‘అనాయాసముగా’, ‘నిలుచును’కు ‘స్థిరపడును’. వాక్యం తిరగ చెప్పి గర్వంగా చూశాను.

“చీర మార్చినవ్ పోరి, మనిషి గదే,” అంది అక్క. “నీకు సమజయిందా?”

“అయింది.”

“అయితె మీ అవ్వకు చెప్పినట్టు చెప్పు.”

మా అవ్వకు అవధానం గురించి చెప్పడం ఊహించుకున్నాను. కాసేపు తంటాలు పడి, “ఇష్టమున్న పని మీద మనసు దానంతటదే ఉంటదవ్వా” అన్నాను. అక్క చప్పట్లు కొట్టింది. చెప్పిన మరుక్షణం ఆ వాక్యం ఎంత చిన్నదో చూసి నాకే నవ్వు వచ్చింది. ఇంతదాన్ని ఎంత సిరా పోసి రాశాను!

ఆ తర్వాత అక్కకు ధైర్యం ఎక్కువైంది. చెప్పడం మొదలుపెడితే పుస్తకంలో లేనివి కూడా వచ్చేవి. మరపు గురించిన ముక్కలోకి వాళ్ళ అత్తగారు వచ్చి తాళంచెవి పోగొట్టుకుని వెతికేది. పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. తర్వాత నేను అడగాల్సి వచ్చేది: “అత్త మంచిగనే ఉన్నది. పుస్తకమేమన్నది?” ఉదాహరణ తనది ఉండొచ్చు, మాట మాత్రం పుస్తకానిది కావాలి. దాన్ని తేల్చుకున్నాక ముక్క సగానికి తగ్గేది.

పాఠం మొత్తాన్ని చెప్పడమూ, ఒక ముక్కను మన మాటల్లో చెప్పడమూ ఒకటి కాదని కూడా మెల్లగా తెలిసింది. ఒక ముక్కను మన మాటల్లో చెబితే అది దాదాపు అంతే పొడవుంటుంది, ఏదీ వదలకూడదు. పాఠానికి సంగ్రహం చెబితే వదలడమే పని. ఏది తీసేస్తే పాఠం పడిపోతుందో అది ఉంచాలి, ఉదాహరణలు పోనివ్వాలి. అక్క దీన్ని మిల్లుకు పోల్చింది, దూది ఉంచుకుని గింజ పక్కకు పోసినట్టని. ఈ పోలిక ఆమెది. గింజ కూడా అమ్ముకుంటారు కదా అని నేనంటే కొట్టడానికి వచ్చింది.

ఒకరోజు మేము నిజంగానే పోట్లాడుకున్నాం. ఆ అవధానం ముక్కనే అక్క ఇలా చెప్పింది: “ఇష్టముంటె మనసు నిలుస్తది. లేకుంటె నిలవది.” ఎంత బాగుంది! చిన్నగా, సూటిగా. నేను పుస్తకం తెరిచాను. అక్కడ ఇంకో వాక్యముంది. అభిరుచి లేని విషయమునందు అవధానము నిలుపుటకు ప్రయత్నము అవసరమగును.

“నిలవదని లేదక్కా. నిలపాల్నంటె కష్టపడాలె అని ఉన్నది.”

“గంతేనా? గంత దానికి తప్పంటున్నవా?”

“గంతే గానీ, నువ్వు చెప్పినట్టయితె ఇష్టం లేని పిల్లను ఇంటికి తోలాలె. పుస్తకం చెప్పినట్టయితె కూసోవెట్టి నేర్పియ్యాలె.”

అక్క లేచింది. పెరట్లోకి వెళ్ళి బొక్కెన నింపుకుని వచ్చింది. వచ్చాక, “నాకు గీ మనోవిజ్ఞానం ఇష్టంలేదు,” అంది. “నేను చెప్పినట్టయితె నేను గూడ ఇంటికే.” తర్వాత మళ్ళీ నవ్వింది, ఈసారి భయంతో కాదు. ఆ రోజు నుంచి చిన్న మాటల మీద మాకు పట్టుదల పెరిగింది. ‘తరచు’ అని ఉంటే ‘ఎప్పుడూ’ అనకూడదు. ‘కొందరు’ ఉంటే ‘అందరూ’ కారు. ప్రేరణ, అవధానం లాంటి పేర్లను పేర్లుగానే ఉంచి, పక్కన అర్థం చెప్పాలి. సొంత మాటలంటే ఇష్టమొచ్చిన మాటలు కాదు.

పొద్దున బట్టలు ఉతికేటప్పుడు నిన్నటి ముక్కలు ఒకరినొకరం అడిగేవాళ్ళం. నోట్సులో దించినవి సబ్బు నురగలా పోయేవని రాయాలనిపిస్తోంది, కానీ అవసరం లేదు. పోయేవి, అంతే. ఒకరికొకరం చెప్పుకున్నవి ఉండేవి. అవీ రెండు మూడు రోజులు అడగకపోతే జారేవి. మళ్ళీ అడిగితే త్వరగా తిరిగివచ్చేవి. మేము బాగా నవ్విన ముక్కలు ఇంకా గట్టిగా ఉండేవి.

ఒక భయం మాత్రం మిగిలింది. “మన మాటలల్ల చెప్తె మార్కులేస్తరా చెల్లె? పరీక్షకొచ్చే గాయన ఏ వైపు మనిషో. గీడ, గాడ అంటె ఊర్దానివంటడు.” రాతకు ఒక దారి దొరికింది. ముందు మా మాటల్లో చెప్పుకుని, దాన్నే పత్రికల తెలుగులో రాసి చూసేవాళ్ళం. విషయం చేతిలో ఉంటే భాష మార్చడం అంత కష్టం కాలేదు. నోటి పరీక్షకు దారి లేదు. నోరు తెరిస్తే బోథ్ వస్తుంది.

రాత పరీక్ష అయింది. ఎండాకాలం. నోటి పరీక్ష గదిలో పంకా లేదు, తలుపులు తీసి పెట్టారు. మేము వరండాలో వరసగా కూర్చున్నాం. లోపలి మాట బయటికి వినిపించేది. పరీక్షకుడు కోస్తా వైపు మనిషే. తెల్లని బట్టలు, సన్నని గొంతు. అక్క లోపలికి వెళ్తూ నా భుజం గిల్లింది.

“అవధానం గురించి చెప్పండి,” అన్నారాయన.

ఆ ప్రశ్నకు ఆమెకు వాక్యం కంఠతా వచ్చు. వినబోయేది ‘అభిరుచి గల విషయమునందు’ అనుకుని కళ్ళు మూసుకున్నాను. వినపడలేదు.

“సార్, మా మాటల చెప్పొచ్చా?” అంది అక్క.

“చెప్పండి.”

“ఇష్టమున్న పని మీద మనసు దానంతటదే ఉంటది సార్. ఇష్టం లేని పని మీద గూడ ఉంటది, గాని మనం పట్టి కూసోవెట్టాలె. దానికి కష్టమైతది. గా కష్టం తక్కువ చేసుడే పంతులమ్మ పని. గిది పుస్తకంల లేదు సార్, గీ ఆఖరి ముక్క నాది.”

ఆయన నవ్వారు. “పుస్తకంలో ఉన్నదెంతో మీదెంతో తెలుసన్నమాట. సరే, లెక్కలంటే ఇష్టం లేని పిల్ల ఉంది. ఏం చేస్తారు?”

అక్క చెప్పడం మొదలుపెట్టింది. చింతగింజలతో మొదలై వాళ్ళ అత్తగారి దాకా వెళ్ళింది. వరండాలో మేమంతా నోళ్ళు మూసుకుని ఊగిపోతున్నాం. లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఆ సన్నని గొంతు పగలబడి నవ్విన చప్పుడు. తర్వాతి అమ్మాయిని ఎంతసేపటికీ పిలవలేదు.

అక్క బయటికి వచ్చింది. “ఏమన్నడక్కా?”

“అడిగిండు. చెప్పిన. ఇంక చెప్పమన్నడు, ఇంక చెప్పిన. పొమ్మన్నడు.”

“పాసన్నడా?”

“అనలే.”

ఫలితాలు వచ్చేదాకా ఆమె అన్నం సరిగ్గా తినలేదు. కాగితం గోడకు అంటించిన రోజు తాను చూడనని మొండికేసి, గుంపు వెనక చెవులు మూసుకుని నిలబడింది. నేను చూసి వచ్చాను. నోటితో చెబితే వినదు కాబట్టి రెండు చేతులూ పట్టుకుని లాగాను. మనోవిజ్ఞానంతో సహా అన్నిట్లో పాసైంది. ఆమె నన్ను ఎత్తి తిప్పింది. ఇద్దరం సార్ ఎదుటే దుమ్ములో పడ్డాం. సార్ మమ్మల్ని లేపకుండా, “అంటే?” అన్నారు. “అంటె నౌకరీ సార్!” అని అరిచింది అక్క.

మరునాడు బోథ్ బస్సు దగ్గరికి వెళ్ళాను. ఆమె పెట్టె పైకి ఎక్కించి, కిటికీ పక్కన సీటు సంపాదించి, అప్పుడే పక్కనున్న ముసలామెకు చెబుతోంది.

“ఏడాది చదివిన పెద్దవ్వా. ఒక పాఠం రాకపాయె. ఎట్లనో నేర్సుకున్న. ఒక సారొచ్చి అడిగిండు, చెప్పిన. పాసైన. ఇగ నౌకరీ.”

ఏడాది మొత్తం అంతే. ఏవి తీసేసినా కథ నిలబడుతుందో అవన్నీ తీసేసింది. అందులో నేను లేను.

నేను కిటికీ చువ్వ పట్టుకుని, “అక్కా, మరి నేనేడ పోయిన?” అన్నాను.

“జర ఆగే, ఇంక బోథ్ రాలే గద!”

బస్సు కదిలింది. ముసలామె నా వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అడుగుతోంది. అక్క కొంగు నడుముకు చుట్టుకుని ఆమె వైపు తిరిగి కూర్చుంది. చేతులు ఊపుతూ మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.